లోలకం ఆగుతుందని శక్తితో నిరూపించడం: V తగ్గితే చాలదు, ఇంకేం కావాలి?

1 మీటరు పొడవున్న తేలికపాటి కడ్డీ, దాని కింది చివర ఒక బరువు, పైన ఇరుసు. పక్కకు లాగి వదిలితే కాసేపు ఊగి నిలువుగా ఆగిపోతుంది. ఆగుతుందనడంలో ఎవరికీ అనుమానం ఉండదు. కానీ దాన్ని నిరూపించమంటే ఇబ్బంది మొదలవుతుంది, ఎందుకంటే సమీకరణంలో sin θ ఉంది, దానికి తోడు డంపింగ్ ఉంది. మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లతో దీని పరిష్కారాన్ని రాయలేం. పరిష్కారం చేతిలో లేకుండానే, ఏ పరిష్కారమైనా చివరికి ఎక్కడికి చేరుతుందో చెప్పాలి.

శక్తి లాంటి ఒక ఫంక్షన్ పట్టుకుని ఈ పని చేయడం లియాపునోవ్ పద్ధతి. నాన్‌లీనియర్ కంట్రోల్ కోర్సులో మొదటి వారాల్లోనే వస్తుంది, లోలకమే మొదటి ఉదాహరణగా వస్తుంది. సులువుగా కనిపించే ఈ ఉదాహరణలోనే ఒక ఖాళీ ఉంది. సహజంగా తట్టే శక్తి ఫంక్షన్ సగం పనే చేస్తుంది, మిగతా సగానికి వేరే వాదన కావాలి. ఆ ఖాళీని చూడకుండా దాటేసిన నిరూపణలు జవాబు పత్రాల్లో చాలా కనిపిస్తాయి కాబట్టి, ఈ వ్యాసంలో ఎక్కువ సేపు అక్కడే ఆగుతాను.

సమీకరణం ఇది. θ అంటే నిలువు గీత నుంచి కోణం, ω అంటే కోణీయ వేగం.

θ' = ω
ω' = −a sin θ − b ω

ఇక్కడ a = g/L. పొడవు 1 మీటరు కాబట్టి a = 9.81. ఇరుసు దగ్గరి రాపిడి, గాలి నిరోధం కలిపి b అనుకుందాం, విలువ 0.4. లెక్కలన్నీ ఈ అంకెలతోనే చేద్దాం. మనకు కావలసిన సమతాస్థితి θ = 0, ω = 0.

ముందు ఒక మాట: లీనియరైజ్ చేస్తే సరిపోదా? sin θ బదులు θ పెడితే s² + bs + a = 0 వస్తుంది, b > 0 అయితే రెండు ఐగెన్ విలువల వాస్తవ భాగాలూ రుణాత్మకం, మన అంకెలతో రెండూ −b/2. కాబట్టి మూలబిందువుకు చాలా దగ్గరగా మొదలైతే అక్కడికే చేరుతుందని తేలిపోతుంది. కానీ "చాలా దగ్గరగా" అంటే 5 డిగ్రీలా, 50 డిగ్రీలా? లీనియరైజేషన్ ఆ సంగతి చెప్పదు. పైగా b = 0 అయినప్పుడు ఐగెన్ విలువలు ఊహాత్మక అక్షం మీద పడతాయి, అప్పుడు అసలు నాన్‌లీనియర్ వ్యవస్థ గురించి అది ఏమీ చెప్పలేదు. ఈ రెండు చోట్లా శక్తి మాట్లాడగలదు.

ఏ ఫంక్షన్ పడితే అది పనికిరాదు

మూలబిందువు నుంచి దూరం తగ్గుతూ వస్తుందని చూపిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. దూరం వర్గం θ² + ω² తీసుకుని, సమీకరణాలు వాడి డెరివేటివ్ కడితే వచ్చేది

2ω(θ − a sin θ) − 2bω²

θ = 0.5, ω = −0.5 దగ్గర దీని విలువ సుమారు +4.0. అంటే లోలకం కిందికి దిగుతున్న ఆ క్షణంలో ఈ దూరం పెరుగుతోంది. కారణం తెలిసిందే: కిందికి దిగేటప్పుడు కోణం తగ్గినా వేగం పెరుగుతుంది. దీన్నిబట్టి వ్యవస్థ అస్థిరం అనుకోకూడదు. మనం ఎంచుకున్న ఫంక్షన్ పనికిరాలేదు, అంతే. లియాపునోవ్ సిద్ధాంతంలోని షరతులు సరిపోతే స్థిరత్వం ఉంది, సరిపోకపోతే తీర్పు లేదు.

కోణాన్నీ వేగాన్నీ సరైన పాళ్లలో కలిపేది శక్తి. ద్రవ్యరాశితోనూ, పొడవు వర్గంతోనూ భాగించి రాస్తే

V = a(1 − cos θ) + ω²/2

మొదటిది స్థితిజ శక్తి, రెండోది గతిజ శక్తి. |θ| < 2π పరిధిలో మూలబిందువు దగ్గర మాత్రమే సున్నా, మిగతా చోట్ల ధనాత్మకం. ఇప్పుడు డెరివేటివ్:

V' = a sin θ · ω + ω(−a sin θ − bω) = −bω²

sin పదాలు ఒకదానికొకటి కొట్టేసుకున్నాయి. స్థితిజ శక్తి పోగొట్టుకున్నంతా గతిజ శక్తికి చేరింది, రాపిడి తిన్నది మాత్రమే మిగిలింది. ఇక్కడ గమనించాల్సింది, పరిష్కారం తెలియకుండానే ఏ పరిష్కారం వెంట అయినా V ఎలా మారుతుందో తెలిసిపోయింది.

V' ≤ 0 నుంచి స్థిరత్వం ఎలా వస్తుందో ఒకసారి చేత్తో చేసి చూడటం మంచిది, సిద్ధాంతం పేరు చెప్పి దాటేయకుండా. మూలబిందువు చుట్టూ ε వ్యాసార్థంతో ఒక వృత్తం గీయండి, ε < 2π ఉండేలా. ఆ వృత్తం మీద V కనిష్ఠ విలువ m అనుకుందాం. వృత్తం కాంపాక్ట్, V నిరంతర ఫంక్షన్, వృత్తం మీద ఎక్కడా సున్నా కాదు. కాబట్టి m > 0. ఇప్పుడు మూలబిందువు దగ్గర V సున్నా కనుక, δ వ్యాసార్థంతో ఒక చిన్న వృత్తం ఎంచుకుని దాని లోపలంతా V < m ఉండేలా చూడవచ్చు. చిన్న వృత్తంలో మొదలైన ట్రాజెక్టరీ పెద్ద వృత్తాన్ని తాకాలంటే V విలువ m దాకా పెరగాలి. V పెరగదు. అంతే. ఈ వాదనకు b = 0 అయినా ఫరవాలేదు, అందుకే లీనియరైజేషన్ మౌనంగా ఉన్న చోట కూడా స్థిరత్వం రుజువైంది.

స్థితిజ శక్తి కనిష్ఠంగా ఉన్న చోట సమతాస్థితి స్థిరమని లాగ్రాంజ్ 1788లోనే చెప్పాడు. దానికి లోటు లేని నిరూపణ 1846లో డిరిష్లే ఇచ్చాడు. లియాపునోవ్ 1892లో ఖార్కివ్‌లో అచ్చయిన తన డాక్టరల్ గ్రంథంలో వేసిన అడుగు ఏమిటంటే, ఆ ఫంక్షన్ నిజమైన శక్తే కానక్కర్లేదనడం. ధనాత్మకంగా ఉండి, ట్రాజెక్టరీల వెంట పెరగకుండా ఉంటే ఏ ఫంక్షన్ అయినా సరే. ఆ స్వేచ్ఛ ఎంత అవసరమో కాసేపట్లో కనిపిస్తుంది.

ఆగుతుందని ఇంకా నిరూపించలేదు

ఇప్పటిదాకా రుజువైంది దగ్గరగా మొదలైతే దగ్గరగానే ఉంటుందని. చివరికి మూలబిందువుకు చేరుతుందని కాదు. దానికి లియాపునోవ్ సిద్ధాంతం V' ఖచ్చితంగా రుణాత్మకం కావాలంటుంది, అంటే మూలబిందువు తప్ప మిగతా అన్ని చోట్లా V' < 0. మన V' = −bω². ఇందులో θ లేదు. ω = 0 అయితే చాలు, కోణం ఎంతైనా సరే V' సున్నా. ఫేజ్ ప్లేన్‌లో θ అక్షం మొత్తం సున్నాయే.

దీన్ని దగ్గర్నుంచి చూద్దాం. 60 డిగ్రీల దగ్గర పట్టుకుని వదిలాం. V = 9.81 × 0.5 = 4.905. వేగం సున్నా, కాబట్టి ఆ క్షణంలో V' = 0, శక్తి తగ్గడం లేదు. కానీ ఆ క్షణంలోనే ω' = −9.81 × 0.866, అంటే సుమారు −8.5. లోలకం అక్కడ నిలబడదు. 0.1 సెకను తర్వాత ω సుమారు −0.83కు చేరుతుంది, V' సుమారు −0.28 అవుతుంది. అవతలి వైపు చివరికెళ్లి తిరిగేటప్పుడు మళ్లీ ఒక్క క్షణం V' సున్నా. కాలానికి ఎదురుగా V గ్రాఫ్ గీస్తే మెట్లు మెట్లుగా దిగుతుంది. లోలకం వెనక్కి మళ్లే ప్రతి చోటా ఒక చదునైన బిందువు.

"V తగ్గుతూనే ఉంది కాబట్టి సున్నాకు చేరుతుంది" అని రాస్తే నిరూపణ అక్కడే కూలిపోతుంది. తగ్గుతూ పోయే ధనాత్మక రాశి ఏదో ఒక విలువ దగ్గర స్థిరపడుతుందన్నది నిజం. అది సున్నా అయి తీరాలని లేదు. 4.905 నుంచి మెట్లు దిగుతూ 2 దగ్గరే ఎందుకు ఆగిపోకూడదు? దీనికి జవాబు V'లో లేదు, సమీకరణాల్లోకి మళ్లీ వెళ్లాలి.

1952లో బార్బాషిన్, క్రాసోవ్‌స్కీ, 1960లో లాసాల్ ఇచ్చిన వాదన ఇదే. దశలు ఇలా సాగుతాయి. మొదట, ట్రాజెక్టరీ బయటికి పోలేని ఒక కాంపాక్ట్ ప్రాంతం కావాలి. 2a కంటే తక్కువైన c ఏదైనా తీసుకుంటే, V ≤ c అయ్యే ప్రాంతంలో మూలబిందువున్న ముక్క అలాంటిదే. V పెరగదు కాబట్టి లోపల మొదలైంది లోపలే ఉంటుంది. V ఏదో ఒక విలువకు, V∞ అనుకుందాం, దిగుతుంది. కాంపాక్ట్ ప్రాంతంలోనే తిరుగుతున్న ట్రాజెక్టరీ కాలం గడిచేకొద్దీ ఏ బిందువుల దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుందో వాటన్నిటినీ కలిపి లిమిట్ సెట్ అంటాం. అది ఖాళీగా ఉండదు. V నిరంతరం కనుక లిమిట్ సెట్ అంతటా V = V∞. అసలు కీలకం తర్వాతిది: లిమిట్ సెట్ ఇన్వేరియంట్. అంటే అందులోని ఏ బిందువు నుంచి వ్యవస్థను మొదలుపెట్టినా, ఆ ట్రాజెక్టరీ అంతా అందులోనే ఉంటుంది.

ఇప్పుడు ఆ లిమిట్ సెట్‌లోనే ఒక ట్రాజెక్టరీ తీసుకోండి. దాని వెంట V మారదు, కాబట్టి V' = 0, కాబట్టి ω = 0, అదీ ఒక్క క్షణం కాదు, అన్ని క్షణాల్లోనూ. అన్ని క్షణాల్లోనూ ω = 0 అయితే ω' కూడా సున్నా. అప్పుడు రెండో సమీకరణం a sin θ = 0 అంటుంది. మన ప్రాంతంలో |θ| < π కాబట్టి θ = 0. లిమిట్ సెట్‌లో మూలబిందువు తప్ప మరేమీ లేదు, V∞ కూడా సున్నాయే. ట్రాజెక్టరీ మూలబిందువుకు చేరుతుంది.

ఈ వాదనలో "అన్ని క్షణాల్లోనూ" అన్న మాట తీసేస్తే ఏమీ మిగలదు. ω = 0 అయిన ఒక్క క్షణంలో ω' సున్నా కానక్కర్లేదు; 60 డిగ్రీల దగ్గర అది −8.5 అని ఇందాకే చూశాం. "V' = 0 ⇒ ω = 0 ⇒ ω' = 0" అని ఒకే గీతలో రాసి పంపిన జవాబు ఇక్కడే తప్పుతుంది. ఇన్వేరియంట్ సెట్ ప్రస్తావన రాకుండా ఆ రెండో బాణం గుర్తు వేయడానికి వీల్లేదు. ఎవరి నిరూపణనైనా సరిచూసేటప్పుడు నేను మొదట వెతికేది ఆ ప్రస్తావననే.

శక్తిని కాస్త వంచడం

లాసాల్ వాదన చక్కనిదే కానీ ఎంత త్వరగా ఆగుతుందో చెప్పదు. "చివరికి చేరుతుంది" అన్నదాంట్లో సెకన్లు లేవు. వేగం గురించి మాట కావాలంటే V' ఖచ్చితంగా రుణాత్మకం అయ్యేలా ఫంక్షన్నే మార్చాలి. లియాపునోవ్ ఇచ్చిన స్వేచ్ఛ ఇక్కడ అక్కరకొస్తుంది.

చాలా పాఠాల్లో ఒక మ్యాట్రిక్స్ తీసుకుని, గుణకాలను తర్వాత సరిపెట్టి చూపిస్తారు. తప్పు లేదు గానీ ఆ గుణకాలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాదు. నాకు ఇలా ఆలోచించడం నచ్చుతుంది. V' ఎక్కడ చచ్చుబడుతోంది? ω = 0, θ సున్నా కాని చోట. ఆ చోట రుణాత్మకమైన డెరివేటివ్ ఉండే పదం ఏది? θω ప్రయత్నిద్దాం:

(θω)' = ω² − aθ sin θ − bθω

ω = 0 దగ్గర ఇది −aθ sin θ. సరిగ్గా మనకు లేనిదే దొరికింది. కాబట్టి Vకి cθω కలుపుదాం, c ఒక చిన్న ధన సంఖ్య. అప్పుడు డెరివేటివ్

−(b − c)ω² − acθ sin θ − bcθω

మొదటి పదం c < b ఉన్నంతసేపు రుణాత్మకం. రెండోది |θ| < π లో రుణాత్మకం. చివరి పదానికి స్థిరమైన గుర్తు లేదు, కానీ దాన్ని తీసేయడం సులువు: ½bcθ² కలిపితే దాని డెరివేటివ్ bcθω, రెండూ కొట్టేసుకుంటాయి. c = b/2 పెడితే

W = a(1 − cos θ) + ω²/2 + (b/2)θω + (b²/4)θ²
W' = −(ab/2) θ sin θ − (b/2) ω²

W ధనాత్మకమా అన్నది చూడాలి. చివరి మూడు పదాలు కలిపి ఒక వర్గ రూపం. దాని మ్యాట్రిక్స్‌లో వికర్ణం మీద b²/2, 1, పక్కన b/2. డిటర్మినెంట్ b²/2 − b²/4 = b²/4, ధనాత్మకం. కాబట్టి W ధనాత్మకమే. W' కూడా |θ| < π లో మూలబిందువు తప్ప అన్ని చోట్లా రుణాత్మకం. లాసాల్ అక్కర్లేకుండానే నిరూపణ పూర్తయింది. W ఏ భౌతిక శక్తీ కాదు, θω అనే పదానికి జూళ్లలో అర్థం లేదు. అయినా పని చేస్తుంది.

ఇప్పుడు సెకన్లు తీద్దాం. 60 డిగ్రీల నుంచి వదిలిన లోలకాన్నే తీసుకుందాం. b = 0.4 తో W(0) = 4.905 + 0.04 × 1.097, అంటే సుమారు 4.95. θ = ±π/2 గీతల మీద W కనిష్ఠ విలువ సుమారు 9.86 వస్తుంది, కాబట్టి ట్రాజెక్టరీ |θ| < π/2 లోనే ఉండిపోతుంది. ఆ పరిధిలో sin వక్రం తన జ్యా గీతకు పైనే ఉంటుంది కనుక θ sin θ ≥ (2/π)θ². దాంతో

W' ≤ −1.249 θ² − 0.2 ω²

మరోవైపు 1 − cos θ ≤ θ²/2 అనీ, bθω ≤ ½(b²θ² + ω²) అనీ వాడితే

W ≤ 4.985 θ² + 0.75 ω²

రెండింటినీ పోల్చితే θ² గుణకాల నిష్పత్తి 0.2506, ω² గుణకాల నిష్పత్తి 0.267. చిన్నది తీసుకుంటే W' ≤ −0.25 W. అంటే W కనీసం e^(−0.25t) లెక్కన తగ్గుతుంది, నూరో వంతుకు దిగడానికి 18.4 సెకన్లకు మించి పట్టదు. నిజానికి చిన్న ఊపుల్లో శక్తి సగటున e^(−0.4t) లెక్కన తగ్గుతుంది, దాని ప్రకారం 11.5 సెకన్లు చాలు. మన హామీ కాస్త బద్ధకంగా ఉంది. కానీ సాల్వర్‌ను ఒక్కసారి కూడా నడపకుండా, ఆ ప్రాంతంలో ఎక్కడ మొదలైనా వర్తించే గడువు దొరికింది.

ఎంత దూరం నుంచి?

లీనియరైజేషన్ చెప్పలేని రెండో సంగతి ఇది. V విలువ c అయ్యే గీతలు చిన్న c కి మూలబిందువు చుట్టూ మూసుకున్న వలయాలు. c పెరిగేకొద్దీ వలయం పెద్దదవుతుంది. ఎక్కడిదాకా? చెరువు గట్టు ఎంత ఎత్తున్నా నీళ్లు నిలిచేది అలుగు మట్టం దాకానే. ఇక్కడ అలుగు θ = ±π, ω = 0; అంటే లోలకం తలకిందులుగా నిటారుగా నిలబడ్డ స్థితి. అక్కడ V = 2a = 19.62. c ఆ మట్టం దాటితే వలయం తెగి, పక్కనున్న సమతాస్థితుల వైపు తెరుచుకుంటుంది. కాబట్టి హామీ ప్రాంతం V < 19.62, |θ| < π. నిలువుగా వేలాడుతున్న బరువును తోసి వదిలితే, 6.26 rad/s లోపు వేగానికి ఈ హామీ వర్తిస్తుంది.

V' ≤ 0 అని చూపించాక "ప్రాంతమంతా" అనేసి, వలయం మూసుకుందో లేదో చూడకపోవడం ఇంకో సాధారణమైన తప్పు. |θ| < π లో W' < 0 అయినంత మాత్రాన ఆ పట్టీ అంతా ఆకర్షణ ప్రాంతం కాదు. θ = 3, ω = 5 నుంచి బయల్దేరిన ట్రాజెక్టరీ ఆ పట్టీ దాటి పక్కకు వెళ్లిపోతుంది. హామీ ఇచ్చేది మూసుకున్న వలయం మాత్రమే.

W కీ ఇలాంటి మట్టమే ఉంది. θ = π గీత మీద దాని కనిష్ఠ విలువ 2a + b²π²/8, అంటే సుమారు 19.82. W వలయం నిలువు స్థానం దగ్గర 6.30 rad/s దాకా వెళుతుంది, V కంటే కొంచెం ఎక్కువ. కానీ వేగం లేకుండా వదిలే కోణం విషయంలో V దాదాపు 180 డిగ్రీల దాకా హామీ ఇస్తే, W 170 డిగ్రీల లోపే ఆగిపోతుంది. ఒకటి రెండోదాని లోపల ఇమడదు. రెండు హామీలూ నిజమే కాబట్టి రెండు ప్రాంతాలనూ కలిపి తీసుకోవచ్చు.

ఇంతకీ 6.5 rad/s తో తోస్తే? V = 21.1, మట్టం దాటింది, వలయం హామీ లేదు. అయినా లోలకం తలకిందులై తిరగదు, దాన్ని కూడా శక్తితోనే నిరూపించవచ్చు. లోలకం π దాటాలంటే అక్కడికి చేరేసరికి V కనీసం 2a ఉండాలి. V దారంతా తగ్గుతూనే వచ్చింది కాబట్టి, అంతకుముందు ప్రతి బిందువులోనూ V ≥ 2a, అంటే వేగం కనీసం 2√a cos(θ/2). రాపిడి తినే శక్తి b∫ω dθ. సున్నా నుంచి π దాకా ఇది కనీసం 4b√a, మన అంకెలతో 5.01. కాబట్టి మొదట్లో V కనీసం 24.63 ఉంటే తప్ప దాటడం అసాధ్యం. 7.0 rad/s తో తోసినా V = 24.5 మాత్రమే. పైకి వెళ్లి, π లోపే మళ్లి, మళ్లే క్షణానికి V < 2a అయి, పాత హామీ ప్రాంతంలోకి వచ్చిపడుతుంది. అదే V, అదే V'. వలయం ఇచ్చిన 6.26 ఇప్పుడు 7.0 అయింది.

సిమ్యులేషన్ ఎదురు చెబితే

నిరూపణ చేశాక చాలామంది ఒకసారి కంప్యూటర్లో నడిపి చూస్తారు. మంచి అలవాటే. ఇలాంటిది రాస్తే మాత్రం టెన్షన్ తప్పదు:

```python
import math
a, b, h = 9.81, 0.4, 0.1
th, w = 0.2, 0.0
for k in range(41):
    V = a*(1 - math.cos(th)) + w*w/2
    if k % 10 == 0:
        print(round(k*h, 1), round(V, 3))
    th, w = th + h*w, w + h*(-a*math.sin(th) - b*w)
```

ఇందులో V పెరుగుతూ పోతుంది. సిద్ధాంతం తప్పలేదు, ఆయిలర్ పద్ధతి ప్రతి అడుగులోనూ కొంత శక్తిని తనంతట తానే చేరుస్తోంది. చిన్న కోణాలకు లెక్క తేలిక: ఒక్కో అడుగులో శక్తి స్థూలంగా 1 − hb + h²a రెట్లు అవుతుంది. h = 0.1 అయితే అది 1.058, అడుగుకు దాదాపు 6 శాతం పెరుగుదల. h విలువ b/a కంటే, అంటే 0.041 కంటే తక్కువైతేనే తగ్గడం మొదలవుతుంది. h = 0.01 పెట్టండి, V దిగుతుంది. అడుగు సైజు తగ్గించగానే పెరుగుదల మాయమైతే తప్పు లెక్కింపుది. అడుగు ఎంత తగ్గించినా, నాలుగో ఆర్డర్ రుంగే-కుట్టా వాడినా V పెరుగుతూనే ఉంటే, V' కట్టడంలో గుర్తు ఎక్కడో తారుమారైంది.

కాలంతో మారే డంపింగ్

లాసాల్ వాదన ఎక్కడ పనిచేయదో తెలియకపోతే దాన్ని తప్పు చోట వాడతాం. లిమిట్ సెట్ ఇన్వేరియంట్ అన్నది సమీకరణంలో కాలం నేరుగా కనిపించనప్పుడే నిజం. ఈ ఉదాహరణ చూడండి:

x'' + (2 + e^t) x' + x = 0

డంపింగ్ ఎప్పుడూ 2 కంటే తగ్గదు. V = ½(x² + x'²) తీసుకుంటే V' = −(2 + e^t)x'², లోలకంలో వచ్చినట్టే. అదే వాదన గుడ్డిగా వాడితే x సున్నాకు చేరుతుందని రాసేస్తాం. కానీ x = 1 + e^(−t) దీనికి పరిష్కారం; పెట్టి చూసుకోవచ్చు. అది 1 దగ్గరికి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. డంపింగ్ అంతకంతకూ పెరిగి, వ్యవస్థను సున్నాకు చేరకముందే బిగించేసింది. V తగ్గుతూ వచ్చి ½ దగ్గర ఆగింది. "2 దగ్గరే ఎందుకు ఆగకూడదు" అని ఇందాక అడిగిన ప్రశ్న ఇక్కడ నిజంగానే జరిగింది.

మన లోలకంలో b కాలంతో మారుతూ, 0.3కీ 0.5కీ మధ్యే ఉంటే? లాసాల్‌ను ఉన్నది ఉన్నట్టుగా వాడలేం. కానీ cθω ఉపాయం ఇంకా పనికొస్తుంది. V + cθω డెరివేటివ్‌లో −c b(t) θω పదాన్ని కొట్టేయడానికి బదులు, మిగతా రెండు పదాలతో కప్పేస్తే చాలు. |θ| ≤ π/2 లో దానికి కావలసింది

c · 0.5² < 4(0.3 − c) · a · (2/π)

c = 0.1 పెడితే ఎడమ పక్క 0.025, కుడి పక్క సుమారు 5.0. బోలెడంత వెసులుబాటు ఉంది. b(t) ఏ క్షణంలో ఎలా మారినా, ఆ రెండు హద్దుల్లో ఉన్నంతవరకు లోలకం ఆగుతుంది. అదే e^t ఉదాహరణలో 0.5 స్థానంలో పెట్టడానికి హద్దు అంటూ ఏదీ లేదు, అందుకే ఎంత చిన్న c తీసుకున్నా అక్కడ ఈ అసమానత నిలవదు.